పక్కపక్కనే రెండు భాషలు: ఒక ఆరోగ్య శిక్షణ స్లైడ్లలో తెలుగు చిన్నబోయిన కేసు

నేపథ్యం

శిక్షణ తరగతులకు స్లైడ్లు, చేతిపుస్తకాలు తయారు చేయడం నా పని. ఈ కేసులో జిల్లా పేరు, సంస్థ పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. పని మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతాను.

ఆశా కార్యకర్తలకు ఒకరోజు శిక్షణ. విషయం చిన్నపిల్లల్లో విరేచనాలు: ఓఆర్ఎస్ ఎలా కలపాలి, జింక్ ఎన్ని రోజులు ఇవ్వాలి, ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పంపాలి. హాల్లో దాదాపు అరవై మంది ఆశాలు ఉంటారు, వాళ్లు చదివేది తెలుగు. అదే హాల్లో ముందు వరుసలో డాక్టర్లు కూర్చుంటారు. వాళ్లలో ఒకరికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పైగా అవే స్లైడ్లు పై ఆఫీసుకి పరిశీలనకు వెళతాయి, అక్కడ చదివేది ఇంగ్లీష్. అందుకే రెండు భాషలూ ఒకే స్లైడు మీద, ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీష్ ఉండాలని మొదటే నిర్ణయించారు.

మొదటి విడత శిక్షణ అయ్యాక ఫైలు నా దగ్గరికి వచ్చింది. దాంతోపాటు శిక్షకురాలు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పారు. "వెనక వాళ్లు స్లైడు చూడటం మానేసి నా మొహమే చూస్తున్నారండీ."

వచ్చిన సమస్య

ఫైలు తెరిస్తే 22 స్లైడ్లు. ఒక్కో స్లైడుకి పక్కపక్కన రెండు టెక్స్ట్ బాక్సులు, రెండూ సమానమైన వెడల్పు, రెండిటికీ టెంప్లేట్‌లో 24 సైజు. కాగితం మీద చూస్తే న్యాయంగానే ఉంది. తెర మీద మాత్రం ఇంగ్లీష్ నిండుగా, తెలుగు సన్నగా, నలిగినట్టుగా కనిపించింది. ఒక స్లైడులో తెలుగు ఓ మోస్తరుగా ఉంటే, తర్వాతి స్లైడులో ఇంకా చిన్నది. పైగా శిక్షకురాలి లాప్‌టాప్‌లో ఒక రకం అక్షరాలు, హాల్లో ఉన్న లాప్‌టాప్‌లో ఇంకో రకం.

ఇవి మూడు వేర్వేరు జబ్బులని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. మొదట్లో అన్నిటినీ కలిపి "తెలుగు ఫాంట్ సైజు చాలడం లేదు" అని ఒకే జబ్బుగా అనుకున్నాను. తర్వాత చేసిన తప్పులన్నీ ఆ అంచనా నుంచే వచ్చాయి.

పవర్‌పాయింట్ ఫైలు నిజానికి ఒక జిప్ ఫైలు. దాన్ని విప్పి స్లైడు లోపలి రాత చూస్తే, తెలుగు బాక్సు దగ్గర ఇలా ఉంది:

```
<a:normAutofit fontScale="70000" lnSpcReduction="20000"/>
```

అంటే బాక్సులో మాట పట్టకపోతే పవర్‌పాయింట్ తనంతట తానే అక్షరాన్ని 70 శాతానికి కుదించింది, లైన్ల మధ్య ఎడాన్ని 20 శాతం కోసింది. 24లో 70 శాతం అంటే 17 కూడా లేదు. స్క్రీన్ మీద ఈ సదుపాయం పేరు Shrink text on overflow. ఇంగ్లీష్ బాక్సులో మాట సరిపోయింది కాబట్టి అది 24 గానే మిగిలింది. ఇద్దరికీ సమానంగా ఇచ్చామనుకున్న చోట తెలుగు ఒక్కటే కుదించుకుపోయింది.

రెండోది ఫాంటు. టెంప్లేట్ థీమ్ ఫైల్లో ఈ లైను ఉంది:

```
<a:font script="Telu" typeface="Gautami"/>
```

ఇంగ్లీష్‌కి ఏ ఫాంటు ఎంచుకున్నా, తెలుగుకి విడిగా చెప్పకపోతే గౌతమి వస్తుంది. గౌతమిలో కింద వత్తులకీ పైన గుడులకీ చాలా చోటు వదిలారు. అందుకే అదే 24లో అక్షరం చిన్నగా, లైను ఎత్తుగా ఉంటుంది. విండోస్ 10 నుంచి గౌతమి అన్ని కంప్యూటర్లలోనూ మొదటే ఉండదు, విడిగా వేసుకోవాలి. లేనిచోట నిర్మలా యూఐ లాంటి వేరే ఫాంటు వచ్చి కూర్చుంటుంది. రెండు లాప్‌టాప్‌ల్లో రెండు రకాల అక్షరాలు కనిపించింది ఇందుకే.

మూడోది వాక్యం పొడవు. దాని సంగతి తర్వాత.

ముందు చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు నిలబడలేదు

మొదట తెలుగుని 28 చేశాను. తెలుగు చిన్నగా ఉంది, పెంచుదాం అన్నదే ఆలోచన. పెంచగానే బాక్సు నిండి పొంగింది, పవర్‌పాయింట్ మళ్లీ కుదించింది. ఆ సదుపాయాన్ని ఆపేస్తే చివరి రెండు అంశాలు స్లైడు కిందికి జారిపోయాయి. అప్పుడు లైన్ల ఎడం నేనే తగ్గించాను. తెలుగు చదివే ఎవరికైనా వెంటనే కనిపించే దెబ్బ అక్కడ తగిలింది. పై లైనులో "రాష్ట్ర" అన్న మాట, దాని కింద లైనులో "నీటిని" అన్న మాట పడ్డాయి. 'ష్ట్ర'లో ష కింద వేలాడే ట వత్తు, ర వత్తు వచ్చి కింది 'నీ' గుడి మీద కూర్చున్నాయి. దూరం నుంచి చూస్తే అది అక్షరం కాదు, నల్లటి మచ్చ. ఇంగ్లీష్‌లో లైన్లు దగ్గరైతే ఇరుకుగా ఉంటుంది, అంతే. తెలుగులో అయితే ఒక లైను అక్షరం ఇంకో లైనులో కలిసిపోయి, మాటే మారినట్టు కనిపిస్తుంది.

అదే స్లైడులో ఇంకోటి గమనించాను. తెలుగు వాక్యం మధ్యలో ఉన్న 14 అనే అంకె మిగతా అక్షరాల కన్నా బండగా, వేరే ఊరి నుంచి వచ్చినట్టుగా ఉంది. కారణం ఉంది. పవర్‌పాయింట్ ప్రతి మాటకీ లిపిని బట్టి ఫాంటు వేస్తుంది. 0 నుంచి 9 వరకు అంకెలు, చుక్కలు, కామాలు అన్నీ ఇంగ్లీష్ ఫాంటు ఖాతాలోకి పోతాయి. తెలుగు సైజు 28 చేస్తే అంకె కూడా 28 అవుతుంది, కానీ అది కాలిబ్రీలో 28. మందుల మోతాదులు చెప్పే స్లైడులో అంకె కొట్టొచ్చినట్టు కనబడితే మంచిదేగా అని ఒకరన్నారు. అంకె కనబడాలంటే రంగు వేద్దాం, అక్షరాల మధ్య అతుకులా ఉండటం వల్ల కంటికి అడ్డమే తప్ప లాభం లేదన్నది నా అభిప్రాయం.

రెండో ప్రయత్నంలో రెండు వైపులా అంశాలు ఒకే ఎత్తులో మొదలవ్వాలని, ఇంగ్లీష్ వైపు అంశాల మధ్య ఖాళీ లైన్లు పెట్టాను. తెలుగులో ఒక అంశం మూడు లైన్లు, ఇంగ్లీష్‌లో రెండు లైన్లు అయితే ఇంగ్లీష్ కింద ఒక ఖాళీ లైను. నా కంప్యూటర్‌లో చక్కగా కుదిరింది. మర్నాడు శిక్షకురాలు ఒక వాక్యంలో రెండు మాటలు మార్చారు, దాంతో ఆ స్లైడంతా చెదిరింది. ఇంకొకరు ముట్టుకుంటే చెదిరిపోయే స్లైడు శిక్షణకు పనికిరాదు, ఎందుకంటే ఫైలు చివరికి ఉండేది వాళ్ల చేతుల్లోనే.

మూడోది, పక్కపక్కన పెట్టడమే మానేసి ఒక తెలుగు స్లైడు, దాని వెనకే ఒక ఇంగ్లీష్ స్లైడు పెట్టి చూశాం. అక్షరాలకి చోటు బోలెడు వచ్చింది. చిన్న గుంపుతో ఒకసారి నడిపి చూస్తే, ఇంగ్లీష్ స్లైడు రాగానే ఆశాలు మాటల్లో పడ్డారు. తెలుగు చదవలేని డాక్టరుగారు సగం సమయం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఆయన మధ్యలో ఏదైనా చెబుదామంటే తన స్లైడు ముందుకి వెళ్లిపోయి ఉండేది. అందరూ ఒకే అంశం మీద ఒకే సమయంలో ఉండటమే ఈ శిక్షణకు ముఖ్యం కాబట్టి పక్కపక్కన పద్ధతికే తిరిగి వచ్చాం.

పనిచేసిన దారి

ఈసారి క్రమం మార్చాను. ముందు వెనక వరుసకి ఏ సైజు కనబడుతుందో తేల్చి, మిగతావన్నీ దానికి లోబడేలా చేయాలనుకున్నాను. హాల్లో తెర వెడల్పు సుమారు 2 మీటర్లు, చివరి వరుస దాదాపు 12 మీటర్ల దూరం. అంటే తెర వెడల్పుకి ఆరు రెట్లు. నా లాప్‌టాప్ స్క్రీన్ వెడల్పు 34 సెంటీమీటర్లు కాబట్టి దాన్నుంచి ఆరు రెట్లు, అంటే సుమారు 2 మీటర్లు వెనక్కి జరిగి నిలబడి చదివితే చివరి వరుసలో కూర్చున్నట్టే. హాలుకి వెళ్లకుండానే ప్రతి స్లైడునీ ఇలా పరీక్షించవచ్చు. నా కళ్లని మాత్రమే నమ్ముకోకుండా, దగ్గరి అద్దాలు వాడే ఒక పెద్దావిడ చేత కూడా చదివించాను. చదివించడానికి 'స్త్రీ', 'వస్త్రం', 'ఘటన', 'విరేచనం' లాంటి మాటలు ఎంచుకున్నాను. లోపలి ఖాళీలు పూడుకుపోయేదీ, వత్తు కింద వత్తు పడేదీ ఇలాంటి మాటల్లోనే.

ఫాంటుకి హింద్ గుంటూరు తీసుకున్నాం. కారణాలు రెండు. తెలుగు అక్షరాలతో పాటు ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు కూడా అదే ఫాంటులో, ఒకదానికొకటి సరిపోయేలా గీసినవి ఉన్నాయి. కాబట్టి వాక్యం మధ్యలో 14 వచ్చినా అతుకులా ఉండదు. రెండోది, దీనికి నిజమైన బోల్డ్ ఉంది. ఒకే బరువున్న ఫాంటుకి మనం బోల్డ్ నొక్కితే కంప్యూటరే అక్షరాన్ని ఉబ్బిస్తుంది, అప్పుడు 'ఘ', 'ఝ' లోపలి సందులు మూసుకుపోతాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు కాబట్టి లైసెన్స్ గొడవ కూడా లేదు. థీమ్ ఫైల్లో మూడు చోట్లా ఇదే పేరు పెట్టాం:

```
<a:latin typeface="Hind Guntur"/>
<a:cs typeface="Hind Guntur"/>
<a:font script="Telu" typeface="Hind Guntur"/>
```

రెండు మీటర్ల పరీక్షలో తెలుగు 26 దగ్గర హాయిగా చదవగలిగాం. 24లో వత్తులు పోల్చుకోవడానికి ఒక క్షణం ఆగాల్సి వచ్చింది. ఇంగ్లీష్ 24 దగ్గర చాలింది, చదివేవాళ్లు ముందు వరుసలోనే ఉన్నారు కూడా. ఇక్కడ పై ఆఫీసు నుంచి ఒక అభ్యంతరం వచ్చింది: రెండు భాషలకూ ఒకే సైజు ఉండాలి కదా అని. సైజు బాక్సులో కనిపించే అంకె అక్షరం ఎత్తు కాదనీ, కంటికి కనబడే ఎత్తు సమానంగా ఉండటమే సమానమనీ ఒక స్లైడు పక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నారు. ఈ 26, 24 అంకెలు ఈ ఫాంటుకి, ఈ హాలుకి తేలినవి. వేరే ఫాంటు తీసుకుంటే మళ్లీ కొలవాలి.

లైన్ల ఎడం దగ్గర ఎక్కువసేపు ఆగాను. పవర్‌పాయింట్‌లో Multiple అని పెడితే ఎడం ఫాంటుని బట్టి మారుతుంది, Exactly అని పెడితే మనం చెప్పిన అంకె మీదే ఉంటుంది. 26 సైజు తెలుగుకి Exactly 38 పెట్టి, పై లైనులో "రాష్ట్రీయ", కింద లైనులో "కీళ్లు" రాసి చూశాను. వత్తుకీ గుడికీ మధ్య సన్నటి తెల్లని గీత మిగిలింది. 34కి దించితే అది పోయింది. 38 ఖాయం చేశాను. తర్వాత ఇంగ్లీష్‌కి కూడా అదే 38 పెట్టాను. ఇంగ్లీష్ మాత్రమే చూస్తే లైన్లు కొంచెం వదులుగా అనిపిస్తాయి. కానీ రెండు వైపులా లైన్లు దాదాపు ఒకే గీత మీద నడుస్తాయి, కన్ను ఎడమ నుంచి కుడికి జారినప్పుడు మెట్టు తగలదు. ఈ నిర్ణయంలో ఇంగ్లీష్ కాస్త నష్టపోయింది. ఎవరో ఒకరు సర్దుకోవాలంటే, చోటు మిగిలి ఉన్నవాళ్లే సర్దుకోవాలి.

టెక్స్ట్ బాక్సులు తీసేసి గీతలు కనిపించని పట్టిక పెట్టాం. ఒక అంశానికి ఒక వరుస, వరుసలో రెండు గళ్లు. రెండు భాషలూ వరుస పైఅంచు నుంచి మొదలవుతాయి కాబట్టి ఒకవైపు లైన్లు ఎక్కువైనా తర్వాతి అంశం రెండు వైపులా ఒకే ఎత్తులో మొదలవుతుంది. నేను ఖాళీ లైన్లతో చేయబోయింది పట్టిక దానంతట అదే చేసింది. ఇంకో మేలు కూడా ఉంది. పట్టిక గళ్లకి ఆ కుదించే సదుపాయం లేదు. మాట ఎక్కువైతే వరుస పెరిగి పట్టిక స్లైడు కిందికి వెళ్లిపోతుంది. తప్పు దాక్కోకుండా కంటి ముందుకు వస్తుంది.

వెడల్పు స్లైడు అడ్డంగా 33.87 సెంటీమీటర్లు. రెండు పక్కలా ఒకటిన్నర చొప్పున వదిలితే సుమారు 30.8 మిగులుతుంది. తెలుగుకి 17.2, ఇంగ్లీష్‌కి 13.6 ఇచ్చాం. సగం సగం పంచితే తెలుగు గడిలో కుడి అంచు పళ్లూడిన దువ్వెనలా తయారైంది. మన మాటలు విభక్తులు, క్రియలు కలుపుకుని పొడుగ్గా సాగుతాయి. ఒక పొడవాటి మాట లైను చివర పట్టకపోతే అది మొత్తం కిందికి దిగి, పైన పెద్ద ఖాళీ వదిలేస్తుంది. నాలుగో వంతు లైను ఖాళీ అంటే అంత చోటు వృథా. అలాగని తెలుగుకి ఇంకా ఎక్కువ ఇస్తే ఇంగ్లీష్ ఒక్కో లైనుకి మూడు మాటలతో నిచ్చెనలా అయింది.

ఎత్తు లెక్క కూడా వేశాం. స్లైడు ఎత్తు 540 పాయింట్లు. శీర్షికకీ, కింద అంచుకీ పోను సుమారు 400 మిగులుతుంది. రెండు లైన్ల అంశం అంటే 76, గడి లోపలి ఖాళీతో 90. అంటే స్లైడుకి నాలుగు అంశాలు. మొదటి ఫైల్లో ఏడేసి అంశాలున్న స్లైడ్లు ఉన్నాయి. ఫైలు 22 స్లైడ్ల నుంచి 34కి పెరిగింది. శిక్షకురాలికి ఇది నచ్చలేదు. కానీ ఒక్కో స్లైడు మీద గడిపే సమయం తగ్గడంతో మొత్తం సమయం పెద్దగా మారలేదని నడిపి చూశాక తేలింది.

అసలు బిగువు వాక్యంలో ఉంది

ఇంత చేసినా ఆరేడు స్లైడ్లు లొంగలేదు. తెలుగు అంశం మూడు లైన్లకి, ఒక్కోసారి నాలుగు లైన్లకి పోయేది. వాటిలో ఒకటి ఇది:

```
Continue zinc for 14 days even after diarrhoea stops.

విరేచనాలు ఆగిపోయినప్పటికీ 14 రోజుల వరకు జింక్ మాత్రలను
ఇవ్వడం కొనసాగించవలెను.
```

దీన్ని చూసి "తెలుగు ఎప్పుడూ పొడుగే" అనుకోవడం తేలిక. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. కానీ ఈ తెలుగు ఏ తల్లితోనూ ఏ ఆశా కూడా మాట్లాడే తెలుగు కాదు. ఇంగ్లీష్ వాక్యంలోని ప్రతి మాటకీ ఒక మాట వెతికి పేర్చింది. ఆ శిక్షకురాలినే అడిగాను, ఇంట్లో తల్లికి మీరెలా చెబుతారని. ఆవిడ తడుముకోకుండా చెప్పిన మాట స్లైడు మీదికి ఎక్కింది:

```
విరేచనాలు తగ్గినా, 14 రోజులూ జింక్ ఇవ్వాలి.
```

తొమ్మిది మాటలు ఆరయ్యాయి. 'రోజులూ' అన్న ఆ దీర్ఘం ఒక్కటే "వరకు కొనసాగించవలెను" చేసే పనంతా చేస్తోంది. ఇలా మిగిలిన మొండి స్లైడ్లన్నీ ఆవిడ నోటి మాటతోనే తిరగరాశాం. ఫాంటు తగ్గించాల్సిన అవసరం ఒక్క చోట కూడా రాలేదు.

అంతకు ముందు అనువాదకులకు మేం పెట్టిన నియమం కూడా తప్పని అప్పుడే తెలిసింది. "ఒక్కో అంశం ఇన్ని క్యారెక్టర్లు దాటొద్దు" అని ఒక అంకె ఇచ్చాం. కంప్యూటర్ లెక్కలో 'స్త్రీ' అంటే ఆరు క్యారెక్టర్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. కంటికి అది ఒకే అక్షరం, ఒకే అక్షరం వెడల్పు. ఆ లెక్కకి లొంగడానికి వాళ్లు వత్తులున్న మంచి మాటలు తీసేసి, వత్తులు లేని మాటలు వెతికారు. ఇప్పుడు నియమం ఒక్కటే: గడిలో అతికించి చూడండి, రెండు లైన్లు దాటితే తిరగరాయండి.

లైను ఎక్కడ విరగాలో కూడా కొన్నిచోట్ల మేమే చెప్పాం. "1 లీటరు" అన్న మాట విరిగి, 1 పై లైను చివర, లీటరు కింది లైను మొదట్లో పడింది. ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్‌కి ఎంత నీళ్లు అన్నది ఆ స్లైడుకి ప్రాణం. అలాంటి చోట Shift+Enter కొట్టి, 1కి ముందే లైను విరిచాం. దీన్ని పొదుపుగా వాడాలి. ఫాంటు మారితే ఇలా చేత్తో విరిచిన లైన్లే ముందు పాడవుతాయి.

ఇప్పుడు నేను వేరేగా చేసేవి

ఫైలు ఇచ్చేటప్పుడు Embed fonts in the file పెట్టి సేవ్ చేస్తాను, పక్కన పీడీఎఫ్ కూడా ఇస్తాను. హాల్లో ఏ లాప్‌టాప్ ఉంటుందో చెప్పలేం. ఫాంటు అందలేదని తెలియడానికి మొదటి స్లైడు మూలన 'స్త్రీ' అని చిన్నగా ఒక గుర్తు పెట్టి, అది సరైన రూపంలో ఎలా ఉండాలో పక్కనే బొమ్మగా పెడతాను. రెండూ ఒకేలా లేకపోతే పీడీఎఫ్ తెరవమని శిక్షకులకి చెబుతాను.

ఈ పద్ధతికి హద్దు ఉంది. మోతాదుల పట్టిక స్లైడుని మేం పక్కపక్కన పెట్టలేకపోయాం. వయసు, మోతాదు, రోజులు అని మూడు నిలువు వరుసలు, వాటికి రెండేసి భాషలంటే ఆరు. అక్కడ అంకెలు ఒక్కసారే ఉంచి, శీర్షికల్లో మాత్రం తెలుగు పైన, ఇంగ్లీష్ కింద పెట్టాం. రెండు నెలల నుంచి ఆరు నెలల లోపు బిడ్డకి జింక్ 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20. ఈ అంకెలు రెండు భాషల్లో రెండుసార్లు రాస్తే ఎప్పుడో ఒకసారి ఒకటి మార్చి ఇంకోటి మర్చిపోతారు.

రెండో విడత శిక్షణకి ముందు శిక్షకురాలు ఫైల్లో తనే రెండు వరుసలు చేర్చి ఫోన్ చేశారు.

"ఒక అంశం మూడో లైనుకి వెళ్లిందండీ. కొంచెం ఫాంట్ తగ్గించనా?"

"వద్దు మేడమ్. ఆ వాక్యం ఒకసారి పైకి చదవండి."

చదివారు. "కలిపిన ద్రావణాన్ని 24 గంటల లోపల మాత్రమే వినియోగించవలెను." సగంలోనే ఆగి, "ఉండండి" అన్నారు. కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "కలిపిన ఓఆర్ఎస్ 24 గంటల్లోపే తాగించాలి. ఆ, రెండు లైన్లలో సరిపోయిందండీ."